పిల్లి పంజా నిద్రలో ఎందుకు అదురుతుంది?

(జీవశాస్త్రం మాస్టారి స్మారకార్థం మదనపల్లెలో చేసిన ప్రసంగ పాఠం)



పుంగనూరులోనూ కుప్పంలోనూ పనిచేసి, చివరికి ఈ మదనపల్లెలో పదవీ విరమణ చేసిన జీవశాస్త్రం మాస్టారి పేరిట జరిగే ఉపన్యాసం ఇది. దీనికి ఒక పశువైద్యుణ్ణి పిలిచారంటే, పుంగనూరు ఆవు గురించి నాలుగు మాటలు చెబుతాడని నిర్వాహకులు అనుకుని ఉంటారు. ఆవు మధ్యలో వస్తుంది, నిరాశ పడకండి. కానీ నేను ఎంచుకున్నది పిల్లిని, అందులోనూ నిద్రపోతున్న పిల్లిని. ఈ మూడు ఊళ్లలోనూ నేను ఉద్యోగం చేశాను. పిల్లిని సంచిలో వేసుకుని ఆసుపత్రికి వచ్చినవాళ్లు రెండు రకాల ప్రశ్నలు వేసేవారు. పెద్దవాళ్లు, "సార్, నిద్రలో కాళ్లు కొట్టుకుంటోంది, మూతి అదురుతోంది, మూర్ఛ రోగమేమో" అని భయపడేవారు. వెంట వచ్చిన పిల్లలు, "కాదు సార్, కలలో ఎలుకను పట్టుకుంటోంది" అని నవ్వేవారు. ఈ రెండు ప్రశ్నలకూ జవాబు ఒకే దారిలో దొరుకుతుంది. ఆ దారి ఫ్రాన్స్‌లోని లియోన్ నగరం మీదుగా పోతుంది.

మాస్టారి పద్ధతి మీలో చాలామందికి తెలుసు. చూడనిదే చెప్పనిచ్చేవారు కాదు. కాబట్టి ముందు చూద్దాం. మధ్యాహ్నం అన్నం తిని, మూతి తుడుచుకుని, పట్టుపురుగుల షెడ్డు గడప దగ్గర కూర్చున్న ఒక పిల్లిని తీసుకోండి. ముందరి పాదాలు రొమ్ము కిందికి ముడుచుకుని, తల నిటారుగా పెట్టుకుని కళ్లు మూస్తుంది. చెవులు మాత్రం అటూ ఇటూ తిరుగుతూ ఉంటాయి. ఇది కునుకు. గిన్నె చప్పుడైతే చాలు, కళ్లు తెరుచుకుంటాయి. కొంతసేపటికి ఊపిరి నెమ్మదిస్తుంది, ఒక లయలో పడుతుంది. చెవులు తిరగడం ఆగుతుంది. అయినా తల ఇంకా పైనే ఉంటుంది, కొంచెం ఊగుతుందేమో గానీ నేలకు వాలదు. పిల్లి నిద్రలో ఉన్నా మెడ కండరం పనిలోనే ఉందన్నమాట.

ఈ భంగిమలో పదిహేను, ఇరవై నిమిషాలు గడిచాక, ఎవరూ లేపకపోతే, పిల్లి పక్కకు ఒరిగి చుట్ట చుట్టుకుంటుంది, లేదా చాపలా పరుచుకుంటుంది. ఇప్పుడు గడ్డం నేలకు ఆనుతుంది. మెడ కింద మెల్లగా వేలు పెడితే, మెడలో బిగువు ఏమాత్రం లేదని తెలుస్తుంది. అంతలోనే మీసాలు అదురుతాయి. పై పెదవి ఒక పక్కకు లాగినట్టవుతుంది. పంజా వేళ్లు విచ్చుకుని ముడుచుకుంటాయి, తోక కొస తెగిన బల్లి తోకలా ఎగురుతుంది. కనురెప్ప సందులోంచి చూస్తే గుడ్డు అటూ ఇటూ పరుగెత్తుతుంటుంది, దానిమీదికి సగం వరకూ తెల్లటి మూడో రెప్ప జారి ఉంటుంది. ఊపిరి లయ తప్పుతుంది, ఒకసారి గబగబా, ఒకసారి ఆగి. ఇదంతా సుమారు ఆరు నిమిషాలు. తర్వాత పిల్లి ఒళ్లు సర్దుకుని మళ్లీ నిదానమైన నిద్రలోకి పోతుంది, లేదా లేచి విల్లులా వంగి ఒళ్లు విరుచుకుంటుంది.

అదురులు వచ్చిన ఆ ఆరు నిమిషాల్లోనే మెడ పూర్తిగా వదులైంది. దీన్ని గుర్తుపెట్టుకోండి. మామూలుగా ఆలోచిస్తే ఈ రెండూ పొసగవు. కండరాలు కదులుతున్నాయంటే వాటిలో బలం ఉండాలి గదా? శరీరమంతా ఇంతగా సడలిపోయినప్పుడే ఈ చిన్న చిన్న కదలికలు రావడం ఎందుకు?

1953లో అమెరికాలోని షికాగోలో యూజీన్ అసరిన్‌స్కీ, నథానియల్ క్లైట్‌మన్ అనే ఇద్దరు, నిద్రపోయే మనుషుల కనుగుడ్లు కొన్ని సమయాల్లో వేగంగా కదులుతాయని ప్రకటించారు. ఆ సమయంలో లేపితే చాలామంది కల వస్తోందని చెప్పారు. దాన్నే ఇప్పుడు రెమ్ నిద్ర అంటున్నాం. అదే ప్రయోగశాలలో పనిచేసిన విలియం డిమెంట్ 1958లో పిల్లిలోనూ అలాంటి దశ ఉందని చూపించాడు. కానీ వీళ్లంతా చూసింది కళ్లనూ మెదడు తరంగాలనూ. మెడను చూసినవాడు మిషెల్ జువే.

జువే లియోన్‌లో నాడీశాస్త్రవేత్త. అతను వెతికింది కలల్ని కాదు. మెదడు పైపొర తీసేసిన పిల్లులు కొత్త శబ్దానికి ఎలా అలవాటుపడతాయో చూద్దామనుకున్నాడు. పైపొర లేదు కాబట్టి అక్కడి తరంగాలు నమోదు చేయడం కుదరదు. జంతువు మేలుకుని ఉందో, నిద్రపోతోందో తెలియాలంటే మరో గుర్తు కావాలి. అందుకని మెడ కండరంలో సన్నటి తీగలు పెట్టి, ఆ కండరపు విద్యుత్తును కాగితం మీద గీయించాడు. ఆ గీత కొంత కొంత వ్యవధికి, ఎవరో తీగ పీకేసినట్టుగా, పూర్తిగా చదునైపోయింది. కొన్ని నిమిషాల తర్వాత మళ్లీ వచ్చింది. యంత్రం చెడిందేమోనని ఎవరికైనా అనుమానం వస్తుంది. కానీ అది లయ తప్పకుండా తిరిగి తిరిగి వచ్చింది, వచ్చినప్పుడల్లా కళ్లు కదిలాయి. పైపొర ఉన్న మామూలు పిల్లుల్లో చూస్తే, ఆ నిమిషాల్లోనే మెదడు తరంగాలు మేలుకున్నప్పటిలా వేగంగా, చిన్నవిగా ఉన్నాయి. మెదడు చూస్తే మెలకువ, ఒళ్లు చూస్తే నిద్రలోకెల్లా గాఢమైన నిద్ర. 1959లో జువే ఈ సంగతి ప్రకటించి, దీనికి విరోధాభాస నిద్ర అనే అర్థం వచ్చే పేరు పెట్టాడు. ఫ్రెంచివాళ్లు ఇప్పటికీ ఆ పేరే వాడతారు. నాకూ అదే నచ్చుతుంది, ఎందుకంటే రెమ్ అనే పేరులో కళ్ల సంగతే ఉంది, మెడ సంగతి లేదు.

ఇది మెదడులో ఎక్కడ పుడుతుంది? జువే మెదడును అంచెలంచెలుగా వేరు చేస్తూ పోయాడు. వెన్నుపాముకు పైన, చిన్నమెదడుకు ముందు, పాన్స్ అనే ఉబ్బెత్తు భాగం ఉంది. దానికి పైనున్నదంతా వేరైపోయినా, మెడ సడలడం, కళ్లు కదలడం మునుపటి లయలోనే వస్తూ పోయాయి. అంటే ఈ నిద్రను నడిపే యంత్రాంగం ఆలోచనలు పుట్టే పై మెదడులో లేదు, ఊపిరినీ గుండెనూ చూసుకునే కింది మెదడులో ఉంది.

ఇప్పుడు అదురు సంగతికి వద్దాం. రెమ్ నిద్రలో పాన్స్ రెండు పనులు ఒకేసారి చేస్తుంది. మొదటిది, పైకీ కిందికీ ఉద్రేకపు సంకేతాలు పంపడం. పైకి పోయేవి చూపు దారిలోకి చేరతాయి. పిల్లిలో వీటిని తరంగాలుగా నమోదు చేయవచ్చు, నిమిషానికి సుమారు 60 వస్తాయి, రెమ్ నిద్ర మొదలవడానికి కొంచెం ముందే ఇవి కనిపించడం మొదలవుతుంది. కిందికి పోయేవి కాళ్లనూ మూతినీ కదిలించే నాడీకణాల దగ్గరికి చేరతాయి. రెండో పని, ఆ నాడీకణాలనే కట్టడి చేయడం. పాన్స్ నుంచి ఆజ్ఞ మెడుల్లాకు, అక్కడినుంచి వెన్నుపాముకు పోతుంది. అక్కడ గ్లైసీన్, గాబా అనే రసాయనాలు విడుదలై కండరాన్ని నడిపే కణాల్ని అణచిపెడతాయి. మదనపల్లె బస్టాండులో క్లచ్ తొక్కిపెట్టి ఇంజను రేజ్ చేస్తున్న ఆర్టీసీ బస్సును తలుచుకోండి. బండి ముందుకు కదలదు. రేకులు మాత్రం దడదడలాడతాయి.

కట్టడి ఎంత బలమైనదైనా, ఉద్రేకం ఒక్కసారిగా ఎగిసినప్పుడు రెప్పపాటు కాలం దాన్ని దాటుతుంది. అప్పుడు కండరం ఒక్క క్షణం ముడుచుకుని వెంటనే వదులవుతుంది. అదే అదురు. కనుగుడ్లు వేగంగా కదిలే క్షణాల్లోనే మీసాలూ పంజాలూ ఎక్కువగా అదరడానికి కారణం ఇదే, రెంటినీ తోసేది ఒకే కెరటం. ఎక్కువగా కనిపించేది మూతి, వేళ్లు, చెవి, తోక కొస వంటి చిన్న భాగాల్లో. నడుమును లేపి నిలబెట్టే పెద్ద కండరాలు కట్టడిలోనే ఉండిపోతాయి. కనుగుడ్లను తిప్పే కండరాలకూ, ఊపిరి తీయించే ఉదరవితానానికీ ఈ కట్టడి పెద్దగా వర్తించదు. వర్తిస్తే పిల్లి బతకదు.

ఈ సడలింపు ఎంత పూర్తిగా ఉంటుందో చెప్పే ప్రయోగం ఒకటి ఉంది. చుట్టూ నీళ్లు, మధ్యలో బోర్లించిన పూలకుండీ, దానిమీద పిల్లి. మామూలు నిద్ర పిల్లి కూర్చునే పోగలదు, మెడ దించదు. రెమ్ మొదలైందంటే మెడ జారి ముఖం నీళ్లకు తగులుతుంది, లేచిపోతుంది. అలా పిల్లికి మిగతా నిద్రను చాలావరకు ఉంచి, ఈ ఒక్క నిద్రనే దూరం చేయగలిగారు. పశువైద్యుడిగా ఈ పద్ధతి నాకు మింగుడుపడదు. ఈ రోజు మన దేశంలోనైతే జంతు ప్రయోగాల నీతి సంఘం అనుమతి లేకుండా ఇలాంటిది మొదలుపెట్టడానికే వీల్లేదు.

జువే అక్కడితో ఆగలేదు. 1965లో డెలోర్మ్ అనే సహచరుడితో కలిసి, కట్టడిని పంపే చోటును, పాన్స్ వెనుకభాగంలోని చిన్న ప్రాంతాన్ని, పిల్లుల్లో దెబ్బతీశాడు. పిల్లులు కోలుకున్నాయి. మెలకువలో తిన్నాయి, తిరిగాయి. నిద్రపోయాయి, నెమ్మది నిద్ర మామూలుగానే గడిచింది. రెమ్ రావలసిన సమయం వచ్చేసరికి, మెడ వాలలేదు. పిల్లి తల ఎత్తింది. లేనిదాన్ని చూస్తున్నట్టు అటూ ఇటూ చూసింది. లేచి నిలబడింది, పొంచింది, ముందరి పంజాతో గాలిని కొట్టింది. కొన్నిసార్లు చెవులు వెనక్కి వాల్చి భయపడినట్టు ముడుచుకుంది, కొన్నిసార్లు ఒళ్లు నాక్కుంది. ఎదుట ఉన్న వస్తువులను మాత్రం పట్టించుకోలేదు. కొన్ని నిమిషాలయ్యాక, మామూలు రెమ్ నిద్ర ముగిసే వేళకు, అదీ ముగిసింది. 1979లో సాస్త్ర్ అనే మరో సహచరుడితో కలిసి జువే ఈ ప్రవర్తనను ఇంకా వివరంగా నమోదు చేసి, దానికి కల ప్రవర్తన అని పేరు పెట్టాడు.

ఆసుపత్రికి వచ్చిన పిల్లలు చెప్పిందే నిజమైనట్టుంది, కదా? కట్టడి తీసేస్తే కనిపించింది వేటే. అందుకే ఈ ప్రయోగం గురించి చదివినవాళ్లు చాలామంది పిల్లి కలగంటుందని రుజువైపోయినట్టు రాస్తారు. అక్కడ ఒక అడుగు వెనక్కి వేయాలని నా అభిప్రాయం. అమెరికాలోని పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో ఏడ్రియన్ మారిసన్ అనే పశువైద్యుడు, మా వృత్తివాడే, తన సహచరులతో కలిసి ఇదే ప్రయోగాన్ని మళ్లీ జాగ్రత్తగా చేశాడు. 1982లో వాళ్లు ప్రకటించింది ఇది: దెబ్బ తగిలిన చోటును బట్టి ప్రవర్తన మారుతుంది. ఒక చోట చిన్న దెబ్బైతే పిల్లి తల ఎత్తి చూస్తుంది, అంతే. మరికొంత విస్తరిస్తే నడుస్తుంది. ఇంకొక వైపు విస్తరిస్తే దాడి చేస్తుంది. ఒకవేళ మనం చూస్తున్నది కల కథే అయితే, దెబ్బ అరమిల్లీమీటరు పక్కకు జరిగినంత మాత్రాన కథ ఎందుకు మారాలి? కాబట్టి పంజా విసురులో కొంత భాగం కల కావచ్చు, కొంత భాగం కింది మెదడులో ముందునుంచే సిద్ధంగా ఉన్న వేట కదలికలు విడిపడటం కావచ్చు. రెంటినీ వేరు చేసి చూపడం ఆ ప్రయోగానికి చేతకాదు. పిల్లిని లేపి అడగలేం.

కలకు దగ్గరగా వచ్చే ఆధారం పిల్లి నుంచి కాదు, ఎలుక నుంచి వచ్చింది. 2001లో అమెరికాలోని ఎంఐటీలో కెన్వే లూయీ, మాథ్యూ విల్సన్ ఎలుకల్ని ఒక గుండ్రటి బాట మీద పరుగెత్తించి, హిప్పోకాంపస్‌లోని కణాలు ఏ వరుసలో పనిచేశాయో రాసుకున్నారు. తర్వాత రెమ్ నిద్రలో అదే వరుస, దాదాపు అదే వేగంతో, కొన్ని నిమిషాల పాటు తిరిగి వచ్చింది. పిల్లికీ ఎలుకకూ మనకూ హిప్పోకాంపస్ ఉంది, రెమ్ నిద్ర ఉంది. పిల్లి కూడా పగలు తిరిగిన గోడల మీద రాత్రి తిరుగుతోందని ఊహించడం తప్పు కాదు. నన్నడిగితే పిల్లి కల కంటుందనే అంటాను. కానీ దాని పంజా అదరడమే ఆ కలకు సాక్ష్యమంటే ఒప్పుకోను. ఎందుకో పిల్లి కూనలు చెబుతాయి.

ఈనిన మూడో రోజు కూనల్ని చూడండి. కళ్లు తెరవలేదు, ఏడు నుంచి పధ్నాలుగు రోజుల్లోపు తెరుస్తాయి. చెవులు సరిగా వినవు. తల్లి పొట్ట తప్ప ప్రపంచం తెలియదు. అయినా నిద్రలో అవి అదిరినంతగా పెద్ద పిల్లి అదరదు. కాళ్లు, తల, తోక, ఒళ్లంతా చిటపటలాడుతూనే ఉంటాయి. ఆ వయసులో వాటి నిద్రలో అత్యధిక భాగం ఇదే, నెమ్మది నిద్ర తర్వాతి వారాల్లో మెల్లగా పెరుగుతుంది. ఎలుకను ఎన్నడూ చూడని కూన కలలో ఎలుకను ఎలా పడుతుంది? అయోవా విశ్వవిద్యాలయంలో మార్క్ బ్లూంబర్గ్ బృందం ఎలుక పిల్లల మీద చాలా ఏళ్లుగా చేస్తున్న పని దీనికి మరో జవాబు సూచిస్తోంది. నిద్రలో ఒక కాలు అదిరినప్పుడు, ఆ కాలి నుంచి స్పర్శ సంకేతం మెదడుకు తిరిగి వస్తుంది. మిగతా ఒళ్లంతా కదలకుండా ఉంటుంది కాబట్టి ఆ ఒక్క సంకేతం స్పష్టంగా వినిపిస్తుంది. ఏ కండరాన్ని కదిలిస్తే ఏ చర్మం నుంచి కబురు వస్తుందో మెదడు ఇలా ఒక్కొక్కటిగా నేర్చుకుంటుందని వారి వాదన. మెలకువలో చేసే పెనుగులాటలో ఈ పాఠం కుదరదు, అన్ని కబుర్లూ కలిసిపోతాయి. పెద్ద పిల్లిలోనూ ఈ పని ఎంతవరకు సాగుతుందన్నది వేరే చర్చ. కూనల్లో మాత్రం అదురు కల తాలూకు శేషం కాదు, ఒళ్లును తెలుసుకునే పని.

మన పసిపిల్లలూ ఇంతే. అప్పుడే పుట్టిన బిడ్డ రోజుకు పదహారు, పదిహేడు గంటలు నిద్రపోతుంది, అందులో సగం ఈ అదురుల నిద్రే. ఉయ్యాల్లో నవ్వు, మూతి విరుపు, వేళ్ల కదలిక అందులోనివే. దేవుడు నవ్విస్తున్నాడని అమ్మమ్మలు అంటారు. అననివ్వండి.

పెద్దయ్యాక మనిషి నిద్రకూ పిల్లి నిద్రకూ తేడా ఎక్కడుంది? ఇటుకలు రెంటికీ ఒకటే, కట్టుబడి వేరు. మనకు నెమ్మది నిద్రను మూడు మెట్లుగా లెక్కిస్తారు: కునుకు, తేలిక నిద్ర, గాఢ నిద్ర. ఆ పైన రెమ్. పిల్లిలో సాధారణంగా నెమ్మది నిద్రను రెండే మెట్లుగా, తేలిక, గాఢ అని లెక్కిస్తారు. తేలిక నిద్రలో కనిపించే కదురు ఆకారపు తరంగాలు, గాఢ నిద్రలోని పెద్ద మంద తరంగాలు రెండు జాతుల్లోనూ ఉన్నాయి. పొడవులో తేడా వస్తుంది. మనిషికి ఒక నిద్రాచక్రం సుమారు 90 నిమిషాలు. రాత్రికి నాలుగైదు చక్రాలు. మొదటి వాటిలో గాఢ నిద్ర ఎక్కువ, తెల్లవారుజామున రెమ్ ఎక్కువ. కోడి కూసే వేళకు వచ్చిన కలే గుర్తుండటానికి ఇదొక కారణం. పిల్లి చక్రం 25, 30 నిమిషాల్లో తిరిగిపోతుంది. రోజంతా కలిపి అది పన్నెండు, పదమూడు గంటలు నిద్రపోతుంది, అందులో సుమారు మూడు గంటలు రెమ్. మనకు ఏడెనిమిది గంటల్లో గంటన్నర నుంచి రెండు గంటలు. అంటే పిల్లి మనకంటే ఎక్కువ సేపు కలల నిద్రలో ఉంటుంది, కానీ ఎప్పుడూ ఆరేసి నిమిషాల ముక్కలుగా. మనకు రాత్రి చివర వచ్చే అరగంట కల దానికి లేదు.

ఇక్కడ ఒక గందరగోళం తీర్చాలి. నిద్ర పట్టీ పట్టకముందే మెట్టు జారినట్టనిపించి మనం ఒక్కసారిగా ఉలిక్కిపడతాం. చాలామంది పిల్లి అదురు కూడా అదే అనుకుంటారు. రెండూ వేరు. ఆ ఉలికిపాటు నిద్ర గుమ్మంలో వచ్చేది, ఒళ్లంతటికీ ఒకేసారి వచ్చేది, అప్పటికి కండరాల కట్టడి మొదలే కాలేదు. పిల్లి మీసం అదిరేది గుమ్మం దాటి చాలా లోపలికి వెళ్లాక. మనిషిలో దానికి సాటి, తెల్లవారుజామున పక్కనున్నవారి వేళ్లు, పెదవులు చిన్నగా కదలడం. లేచి చూసేవాళ్లు లేరు కాబట్టి మనకు తెలియదు.

జాగ్రత్, స్వప్న, సుషుప్తి అని మన పెద్దలు మూడు అవస్థలు చెప్పారు, మెలకువ, రెమ్, నెమ్మది నిద్ర, ఇవీ మూడే కదా అని ఎవరైనా అడగవచ్చు. వినడానికి బాగుంటుంది. కానీ నెమ్మది నిద్రలో లేపినా కొందరు కలలు చెబుతారు, రెమ్‌లో లేపినా కొందరు ఏమీ లేదంటారు. రెండు లెక్కలూ దగ్గర దగ్గరగా ఉన్నాయి, ఒకటి కావు. అంతకంటే ఎక్కువ లాగితే ఇద్దరికీ అన్యాయం.

పుంగనూరు ఆవుకు వస్తానన్నాను. ఏ ఆవైనా రోజులో చాలాసేపు నిలబడో పడుకునో నెమరు వేస్తూ మగతలో ఉంటుంది, నిజమైన నిద్ర నాలుగు గంటలకు మించదు. అందులో రెమ్ గంట కూడా ఉండదు. నిలబడి ఆవు మగతగా ఉండగలదు, రెమ్‌లోకి పోలేదు, పోతే కూలబడుతుంది. పడుకుని, మెడ వెనక్కి తిప్పి తలను డొక్కకు ఆనించి పెట్టుకున్నప్పుడే ఆ నిద్ర వస్తుంది. చుట్టూ తోడేళ్లు తిరిగిన జాతికి కాళ్లు చచ్చుబడే నిద్ర ఖరీదైనది. తోడేలు పక్షాన ఉన్న పిల్లికి ఆ భయం తక్కువ, అందుకే దాని ఖాతాలో మూడు గంటలు.

పిల్లికి ఒక ఇబ్బంది మాత్రం ఉంది, చలి. రెమ్ నిద్రలో ఒళ్లు వేడిని కాపాడుకునే ఏర్పాటు కూడా దాదాపు ఆగిపోతుంది. ఇటలీలోని బొలోన్యాలో పార్మెజానీ అనే శాస్త్రవేత్త 1960లలో పిల్లుల్లో దీన్ని గమనించాడు. చలిగదిలో నెమ్మది నిద్రలో వణికే పిల్లి, రెమ్ మొదలవగానే వణకడం మానేస్తుంది. వేడిగదిలో రొప్పే పిల్లి రొప్పడం మానేస్తుంది. ఒళ్లు చల్లబడకుండా చూసుకోవాలంటే ఆ నిద్రను తగ్గించుకోవడమే దారి. అందుకే చల్లని చోట పిల్లి రెమ్ నిద్ర తగ్గుతుంది. హార్స్‌లీ కొండ గాలి కిందికి దిగే మార్గశిర మాసపు రాత్రుల్లో, మదనపల్లె ఇళ్లలో పిల్లి వెచ్చటి బూడిదను వెతుక్కునేది ఉత్త సుఖం కోసమే కాదు. పొయ్యిలో పిల్లి లేవలేదని పేద ఇంటిని గురించి అంటాం గదా, ఆ పిల్లి మట్టుకు దానికి కావలసిన నిద్ర అంతా అక్కడే పోయి ఉంటుంది.

ఇంతవరకూ పిల్లి గురించి చెప్పింది 1986లో మనిషి ఆసుపత్రికి చేరింది. అమెరికాలోని మిన్నియాపోలిస్‌లో కార్లోస్ షెంక్, మార్క్ మహోవాల్డ్ అనే వైద్యులు, నిద్రలో లేచి తన్నే, గోడకు గుద్దే, పక్కవారి మీద చెయ్యి చేసుకునే పెద్దవయసు వాళ్లను పరీక్షించారు. మెలకువలో వాళ్లు నెమ్మదస్తులే. లేపి అడిగితే, కలలో ఎవరో మీద పడుతుంటే ఎదిరిస్తున్నానని చెప్పారు. నమోదు చేసి చూస్తే రెమ్ నిద్రలో వాళ్ల కండరాలు సడలడం లేదు. పిల్లుల్లో జువే చేసిన పనిని వీళ్లలో రోగం చేసింది. ఎక్కువగా యాభై దాటిన మగవాళ్లలో కనిపిస్తుంది. అదే వైద్యులు 1996లో, తమ దగ్గరికి వచ్చిన 29 మంది పురుషుల్లో 11 మందికి తర్వాతి ఏళ్లలో పార్కిన్సన్స్ తరహా రోగం వచ్చిందని రాశారు. ఇంకా ఎక్కువ కాలం గమనించినప్పుడు ఆ నిష్పత్తి బాగా పెరిగింది. కాబట్టి ఇంట్లో తాతగారు నిద్రలో కలవరిస్తూ కాళ్లూ చేతులూ గట్టిగా విసురుతుంటే, గాలి సోకిందని తాయెత్తు కట్టడం కంటే నరాల డాక్టరుకు చూపించడం మేలు. ఈలోగా మంచం పక్కన గాజు వస్తువులు, పదునైన అంచులు లేకుండా చూసుకోండి. మాటిమాటికీ పెదవి కదలడం, వేలు అదరడం వేరు, దానికి భయం అక్కర్లేదు.

మళ్లీ పిల్లి దగ్గరికి, పెద్దవాళ్ల ప్రశ్నకు. నిద్రలో అదురుతున్నది కలల నిద్రో, మూర్ఛో ఎలా తెలుస్తుంది? మెడను చూడండి. రెమ్ నిద్రలో ఒళ్లు మెత్తగా ఉంటుంది, అదురులు చిన్నవి, లయ లేనివి, ఒకసారి చెవి, ఒకసారి వేలు, తెరపి ఇస్తూ వస్తాయి. కొద్ది నిమిషాల్లో సద్దుమణుగుతాయి. దూరం నుంచి పేరు పెట్టి పిలిస్తే కళ్లు తెరిచి, మనిషిని గుర్తుపట్టి, విసుక్కుంటుంది. మూర్ఛలో ఒళ్లు కట్టెలా బిగుసుకుంటుంది, కాళ్లు ఒకే లయలో బలంగా కొట్టుకుంటాయి, నోట చొంగ కారుతుంది, చాలాసార్లు మూత్రం పడిపోతుంది. పిలిచినా పలకదు. ఆగిన తర్వాత కూడా కొంతసేపు దిక్కు తెలియనట్టు తిరుగుతుంది, గోడలకు తగులుతుంది. సందేహముంటే ఫోన్లో వీడియో తీసి పశువైద్యుడికి చూపించండి. మీ వర్ణన కంటే నిమిషం వీడియో ఎక్కువ చెబుతుంది. మూర్ఛలో ఉన్న పిల్లి నోట్లో వేలు పెట్టకండి.

మూడో రకం అదురు ఒకటుంది. నేను ఎక్కువగా భయపడింది దానికే. కుప్పంలో పనిచేసే రోజుల్లో ఒక పిల్లిని, "రాత్రి నుంచి నిద్రలో అదురుతూనే ఉంది, కలలు ఎక్కువైనట్టున్నాయి" అని తెచ్చారు. బల్ల మీద పెట్టి చూస్తే అది నిద్రపోవడం లేదు. కళ్లు విప్పారి ఉన్నాయి, చెవులూ చర్మమూ ఆగకుండా వణుకుతున్నాయి, ఒళ్లు కాలిపోతోంది, ముట్టుకుంటే ఇంకా ఎక్కువగా అదురుతోంది. ఇంట్లో కుక్క కూడా ఉందా అని అడిగితే ఉందన్నారు. పిడుదులకు కుక్క వీపు మీద వేసే చుక్కల మందులో మిగిలింది పిల్లికీ వేశారు. ఆ మందులో పర్‌మెత్రిన్ ఉంది. కుక్క కాలేయం దాన్ని విరగ్గొట్టి బయటికి పంపేస్తుంది, పిల్లి కాలేయానికి ఆ శక్తి చాలా తక్కువ. విషం నరాల్ని పట్టుకుని వదలదు. వెంటనే గోరువెచ్చని నీళ్లు, గిన్నెలు కడిగే సబ్బుతో వీపు మీది మందును కడిగించాం. మరీ వేడి నీళ్లైతే చర్మం ఇంకా పీల్చుకుంటుంది, మరీ చన్నీళ్లైతే వణుకు పెరుగుతుంది. వణుకు తగ్గే మందు ఇచ్చి, రెండు రోజులు చూసుకున్నాం. బతికింది.

అది మెలకువలో అదిరింది, ముట్టుకుంటే పెరిగింది, ఆరు నిమిషాలకు ఆగలేదు. ఈ మూడింటిలో ఏ ఒక్కటి కనిపించినా, కలేమోనని ఎదురుచూడకుండా అప్పటికప్పుడు ఆసుపత్రికి తీసుకురండి. వచ్చేటప్పుడు మందు డబ్బా కూడా తీసుకురండి. పిల్లి మెత్తగా పడి ఉండి, మీసం మాత్రమే అదురుతుంటే, దాన్ని లేపకండి.